సాంతో పలకరింపులు

సాంతో ఎన్నికల్లో నిలబడుతున్నాడన్న మాట మొట్టమొదట అన్నది నేనే. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఆ పూట నేను పంది కాలేయం ముక్కలు కోస్తున్నాను, చేపల ఇల్యాంగ్ గంప దించి ఎదురుగా కూర్చుంది, వాన కురుస్తోంది, బేరాలు లేవు. చేతికి పని ఉన్నా నోటికి లేదు. అలా జరిగింది.

మా మోలో పేట చర్చికి రెండు వీధుల వెనక నా కొట్టు. ముందు భాగంలో సబ్బులు, సార్డీన్ డబ్బాలు, షాంపూ పొట్లాలు. లోపల నాలుగు బల్లలు. పొద్దున పదకొండు దాకా వేడి వేడి నూడిల్స్ పులుసు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అక్కడే కూర్చున్నాను కనక ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు మానేశారో నాకు తెలిసినంతగా ఫాదర్‌కి కూడా తెలియదు.

క్రిసాంతో పల్మారెస్‌ని అందరూ సాంతో అనే అంటారు. ముప్పై ఆరేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. తల్లి పోయాక మా వీధి చివరి ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. డాక్టర్ జలందోని పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో కట్టుడు పళ్ళు చేయడం అతని పని. ప్లాస్టర్ అచ్చు పోయడం, మైనంతో చిగుళ్ళు దిద్దడం, పళ్ళు ఒక్కొక్కటీ పేర్చడం, చివర మెరుగు పెట్టడం. చాలా మంచి చెయ్యి. మా పేటలో అరవై దాటినవాళ్ళ నవ్వుల్లో సగం అతను చేసినవే. వాటిలో ఒక్క నవ్వునైనా అతను ఎదురుగా నిలబడి చూసింది లేదు.

మనిషి ఎదురైతే రోడ్డు దాటేసేవాడు. అటువైపు కూడా మనిషి ఉంటే చెప్పు తెగినట్టు కిందికి వంగేవాడు. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు. వాటిలో పాటేదీ ఉండేది కాదని తర్వాత తెలిసింది. నా కొట్టుకి ఎవరూ లేనప్పుడే వచ్చేవాడు. లేకపోతే గోడవారన నిలబడి, ఖాళీ అయ్యేదాకా పోస్టర్లు చదువుకునేవాడు. కావలసిన వస్తువు వేలితో చూపించేవాడు. ఒకసారి వెనిగర్ వైపు వేలు చూపిస్తే నేను పక్కనున్న సోయా సాస్ తీసి ఇచ్చాను. కాదనలేక పట్టుకుపోయాడు. అతనికి అదే కావాలి కాబోలనుకుని ఆ తర్వాత పది నెలలు నేనే నెలనెలా సోయా సాస్ సీసా తీసి చేతిలో పెట్టాను. పదకొండు సీసాలు మూత తీయకుండా ఇంట్లో వరసగా పెట్టుకున్నాడు పాపం.

పేటలో కొందరు పొగరన్నారు, కొందరు తల్లి పోయిన దిగులన్నారు. నేను మాత్రం చిన్నప్పుడు నాలుక కిందేదో అతుక్కుపోయి ఉంటుందని అనేదాన్ని. ఎవరమూ సరిగ్గా చెప్పలేదు.

అతనికి ఆపమని అరవడం రాదు. మా ఊళ్ళో దారి పొడుగునా జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండిలోంచి దిగాలంటే ఎక్కడో అక్కడ నోరు తెరిచి ‘ఆపన్నా’ అనాలి కదా. సాంతో ఆ పని ఎవరో ఒకరు చేసేదాకా కూర్చుని, వాళ్ళతోపాటు దిగి, అక్కడినుంచి ఇంటికి నడిచేవాడు. ఒక జూన్ సాయంత్రం మోలోలో దిగేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఆ తర్వాత కూడా ఎవరూ అరవలేదు. బండి ఆఖరు స్టాండుకి వెళ్ళి ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి మీ ఇల్లు ఇక్కడేనా అని అడిగితే అవునని తలూపాడు. డ్రైవరు సిగరెట్టు వెలిగించుకుని అక్కడే నిలబడ్డాడు కనక, తప్పక ఏదో ఇంటి గేటు తీసుకుని లోపలికి నడిచాడు. ఆ ఇంట్లో కుక్క ఉంది.

చిరిగిన ఆ పంట్లాం కుట్టించుకోవడానికి టైలర్‌తో మాట్లాడాల్సి వస్తుందని, పాత టవలు చుట్టుకుని సొంతంగా కుట్టుకుంటూ కూర్చున్నప్పుడు, ఇక ఇలా కుదరదని అతనికి అనిపించిందట.

మర్నాడు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. గురువారాల్లో అక్కడికి మానసిక నిపుణురాలు వస్తుందని పోస్టర్ల మీదే చదివాడు. కౌంటర్లో అడగలేక, ‘మానసిక నిపుణురాలి గది ఎక్కడ’ అని చీటీ రాసి చేతికిచ్చాడు. నర్సు చీటీ చూసి, అతని ముఖం చూసి, జాలిపడి, చేతులతో సైగలు చేసి దారి చెప్పింది. ఆవిడ ఆ సైగల భాష ఏదో శిక్షణలో నేర్చుకుందట, ఇన్నాళ్ళకు పనికొచ్చిందని సంతోషపడిపోయింది. ఇతను ఆ సంతోషం చెడగొట్టలేక తిరిగి చేతులు ఊపాడు. ఆవిడ ఫైలు మీద ‘వినపడదు’ అని రాసింది.

ఆ నిపుణురాలి పేరు హిల్డా సుమగైసాయ్. సాంతో కంటే చిన్నది. అతను చెప్పడానికి గంట పట్టిన నాలుగు ముక్కలూ విని, ఇది చాలామందికి ఉండేదే, పేరున్న జబ్బే, తగ్గేదే అని చెప్పిందట. తర్వాత అతను నాకు అప్పజెప్పిన మాటలు ఇవి: “భయం పోయాక పలకరిద్దాం అనుకుంటే అది పోదు. తప్పించుకున్న ప్రతిసారీ, తప్పించుకోబట్టే బతికామని మనసు నమ్ముతుంది. పలకరిస్తూ ఉంటేనే దానికి అసలు సంగతి తెలుస్తుంది.”

ఇద్దరూ కలిసి ఒక నోటు పుస్తకంలో మెట్లు రాశారు. ఏ పనికి ఎంత భయమో సున్నా నుంచి వందదాకా అంకె వేశారు. అట్టడుగున, ఇయర్‌ఫోన్లు లేకుండా వీధి చివరిదాకా నడవడం: ఇరవై. ఎదురైన వాళ్ళని చూసి, మా ఊళ్ళో అందరూ పలకరింపుగా చేసినట్టు, కనుబొమ్మలు ఎగరేయడం: ముప్పై. కొట్టు ఫెలీ అక్కకి, అంటే నాకు, ‘మాయోంగ్ ఆగా’ అని చెప్పడం: నలభై. పొద్దున ఎవరు కనిపించినా ఆ మాట అనకుండా పోతే మా ఊళ్ళో మర్యాద కాదు. అతను పదేళ్ళుగా ఎవరికీ అని ఎరగడు. దానిపైన మూలమీద బేరాలకి ఆగే ట్రైసికిల్ టాక్సీలవాళ్ళందరికీ ఒకేసారి చెప్పడం, నర్సుకి తనకు వినపడుతుందని చెప్పడం, జీప్నీ ఆపడం, చెప్పాక ఒక నిమిషం అక్కడే నిలబడటం, నలుగురు చేరిన చోటికి వెళ్ళడం. అన్నిటికంటే పైన, మైకులో మాట్లాడటం: వంద. ఆ ఆఖరిది సరదాకి రాశారట. అంతదాకా వెళ్ళక్కర్లేదని హిల్డా కూడా అంది.

లెక్క ఏమిటంటే, ఒక మెట్టు రోజూ చేయాలి, విసుగు పుట్టేదాకా చేయాలి. చేసేముందు ఏం జరుగుతుందని భయమో రాయాలి. చేశాక ఏం జరిగిందో రాయాలి. నోట్లోంచి మాట బయటికి వస్తే పని అయినట్టే. అవతలివాళ్ళు బదులివ్వడం, ఇవ్వకపోవడం వాళ్ళిష్టం. ముందుగా గొణుక్కుని సాధన చేయకూడదు. ఫోన్ చూస్తున్నట్టు నటించకూడదు. తన గొంతు ఎలా ఉంది, చెవులు ఎర్రబడ్డాయా అని తనని తాను కాపలా కాయకుండా ఎదుటిమనిషిని చూడాలి. ఇంటికి వెళ్ళాక అంతా మళ్ళీ తవ్వుకుంటూ కూర్చోకూడదు. మూడు వాక్యాలు రాసి, గిన్నెలు తోముకోవాలి.

ఇవేవీ అప్పుడు మాకు తెలియవు. మాకు తెలిసిందల్లా ఒక సోమవారం నుంచి సాంతో కనుబొమ్మలు ఎగరేస్తున్నాడని. మేమంతా చేసే పనే అది, రోజుకి నూటపాతిక సార్లు చేస్తాం. కానీ ఎన్నడూ తలెత్తని మనిషి చేస్తే వేరేగా ఉంటుంది. పైగా గట్టిగా ఎగరేసేవాడు, నుదురంతా పైకి పోయేది. నేను నరం పట్టేసిందనుకుని మునగాకు పులుసు కాచి ఇచ్చాను. అతను తాగేశాడు. పుస్తకంలో ఇలా రాశాడు: ‘భయపడింది: వెకిలివాడనుకుంటారు. జరిగింది: పులుసు.’

పదో రోజు నాకు మాయోంగ్ ఆగా చెప్పాడు. గిన్నెలు కడుగుతున్నాను, వెనకనుంచి ఎలుక కీచుమన్నట్టు వినపడింది. తిరిగి చూస్తే సాంతో. నేను, “ఏంటి?” అన్నాను.

అంతకంటే ఘోరమైన బదులు ఉండదట. ఏంటి అంటే మళ్ళీ చెప్పాలి. అతని చెవులు తాంబూలం నమిలిన పెదవుల్లా ఎర్రబడ్డాయి. ఏదీ కొనకుండా వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. హిల్డా అది విని, వెళ్ళిపోవడం తప్పు కాదు, తిరిగి వెళ్ళకపోతేనే ఆ ‘ఏంటి’ అక్కడ పెరుగుతుందని చెప్పి, ‘ఏంటి’ అంటే ఇంకోసారి కాస్త గట్టిగా చెప్పడం అనే మెట్టుని మధ్యలో కొత్తగా ఇరికించింది.

అలా మూడో రోజు వచ్చి, “మాయోంగ్ ఆగా, ఫెలీ అక్కా” అని ట్రాఫిక్ పోలీసు బండి ఆపినంత గట్టిగా అన్నాడు. లోపల పులుసు తాగుతున్న ముగ్గురు తలలు ఎత్తారు. నేనూ మాయోంగ్ ఆగా సాంతో, తిన్నావా అన్నాను. తిన్నావా అనేది అతని పుస్తకంలో లేదు. అయినా ఒక క్షణం ఆలోచించి, తినలేదని చెప్పి, కూర్చుని, తిన్నాడు. తింటున్నంతసేపూ నా నోటివైపే చూశాడు. నా పై పళ్ళు అతను చేసినవే. ఎదుటిమనిషిని చూడమంటే అతనికి కనిపించేవి పళ్ళు. కుడివైపు కోరపన్ను కొంచెం లోపలికి పెట్టానని ఆ రోజు పుస్తకంలో రాసుకున్నాడు. నలభై ఉన్న అంకె వారం తిరిగేసరికి పదిహేనుకి దిగింది.

ట్రైసికిల్ వాళ్ళ మూలకి రెండు వారాలు పట్టింది. అక్కడ నోనోంగ్ అని ఒకడున్నాడు, ఎవర్నీ ఊరికే పోనివ్వడు. మొదటి రోజు సాంతో వాళ్ళకి మాయోంగ్ ఆగా అన్నప్పుడు నలుగురూ మాటలు ఆపేశారు. నోనోంగ్ హ్యాండిల్ మీదినుంచి కాళ్ళు దించి, “ఒరేయ్, ప్లాస్టర్ బొమ్మకి ప్రాణమొచ్చింది” అన్నాడు. అందరూ నవ్వారు. సాంతో భయపడింది కూడా సరిగ్గా అదే, నవ్వుతారని. పుస్తకంలో అలాగే రాశాడు కూడా. నవ్వారు. కానీ నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత ఏదీ విరిగిపడలేదు, వర్షం ఆగలేదు, నోనోంగ్ మళ్ళీ కాళ్ళు పైన పెట్టుకున్నాడు. మర్నాడు సాంతో మళ్ళీ చెప్పాడు. నాలుగో రోజుకి నోనోంగే ముందు పలకరించాడు. తొమ్మిదో రోజు సాంతో జ్వరం వచ్చి రాకపోతే, బొమ్మ ఏదని నోనోంగ్ నా కొట్టుకొచ్చి అడిగాడు.

జీప్నీ సంగతి కూడా చెప్పాలి. మొదటిసారి ‘ఆపన్నా’ అన్నప్పుడు అతను ఎక్కి ఇరవై గజాలు కూడా కాలేదు. ముందే అనేస్తే గండం గడిచిపోతుందని ఆత్రం. డ్రైవరు ఆపాడు. సాంతో దిగి, మిగతా దారంతా నడిచాడు. మాట బయటికి వచ్చింది కాబట్టి పాసే అని హిల్డా అందట. నర్సు మెట్టు కూడా ఆ నెలలోనే అయింది. నాకు వినపడుతుందండీ, క్షమించండి అని చెబితే, ఆవిడ మొదట ఆరోగ్య కేంద్రం చేసిన మేలనుకుని శిలువ గీసుకుందట.

ఇక ఇక్కడే నా తప్పు మొదలైంది. అది ఆగస్టు. పేట ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. పదేళ్ళుగా ఎవర్నీ చూడని మనిషి వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా, చిన్నా పెద్దా తేడా లేకుండా, రోజూ తప్పకుండా, చేతిలో ఫోన్ కూడా లేకుండా, కళ్ళలోకి చూసి పలకరిస్తున్నాడు. ఇల్యాంగ్ ఏమైందే ఇతనికి అని అడిగింది. నేను కాలేయం కోస్తూ, “ఈ నెలల్లో ఇలా పలకరించేవాళ్ళు ఒక్క రకమేనమ్మా” అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. చేపల గంపతోపాటు ఆ మాట కూడా ఇంటింటికీ తిరిగింది.

మూడు రోజుల్లో పేటంతా తేల్చేసింది: సాంతో వార్డు సభ్యుడిగా నిలబడుతున్నాడు. మౌనంగా ఉండేవాడు కదా, లోతు ఎక్కువ అన్నారు. అప్పటిదాకా పొగరన్నవాళ్ళే హుందాతనం అన్నారు.

ఆ వారం సాంతో మెట్టు, ‘పలకరించాక ఒక నిమిషం నిలబడటం’. అదే కొంప ముంచింది. అంతకుముందు మాయోంగ్ ఆగా అని సాగిపోయేవాడు కనక ఎవరికీ చిక్కలేదు. ఇప్పుడు నిలబడుతున్నాడు. నిలబడినవాడి దగ్గర మా వాళ్ళు ఊరుకుంటారా. ఒకరు బాస్కెట్‌బాల్ వల చిరిగిపోయిందన్నారు. ఒకరు మురిక్కాలువ ఎప్పటికి బాగవుతుందని అడిగారు. ఒక తాత తన కట్టుడు పళ్ళు వదులయ్యాయి, గెలిచాక చూస్తావా అన్నాడు. గెలవడం ఏమిటో సాంతోకి అర్థం కాలేదు. కాదనడం అతని మెట్లలో ఇంకా రాలేదు. తలూపాడు. నిమిషం అయ్యేదాకా అందరికీ తలూపాడు. ఆ వారం తలూపినవన్నీ కలిపితే మా పేటకి కొత్త వల, రెండు కాలువలు, ఆరు వీధి దీపాలు, ఒక శవపేటిక ఖర్చు మాటిచ్చినట్టయింది.

దానికి తోడు, ముసలి పెద్రింగ్ పోయాడు. మా దగ్గర శవాన్ని కొన్ని రోజులు ఇంట్లోనే ఉంచి, వచ్చినవాళ్ళకి బిస్కెట్లు, కాఫీ ఇచ్చి, పేకాట ఆడుకుంటూ తోడుంటాం. నలుగురు చేరిన చోటికి వెళ్ళడం అన్నది సాంతో తర్వాతి మెట్టు. మధ్యాహ్నం, జనం తక్కువగా ఉన్న వేళ చూసుకుని వెళ్ళాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలామెని చూడగానే, రెండు నెలల అలవాటు కొద్దీ, నోరు దానంతటది తెరుచుకుని, హుషారుగా ‘మాయోంగ్ ఆగా అక్కా’ అంది. సమయం మధ్యాహ్నం రెండున్నర. ఆ ముసలామె పెద్రింగ్ పెళ్ళాం.

పేకముక్కలు గాల్లో ఆగిపోయాయి. సాంతో నాకు తర్వాత చెప్పాడు, ఆ క్షణంలో పెద్రింగ్ పక్కన కాస్త చోటుందా అని చూశానని. కానీ ఆమె కళ్ళు తుడుచుకుని, వారం నుంచి అందరూ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు, మామూలుగా పలకరించినవాడివి నువ్వొక్కడివే, రా కూర్చో అంది. అతను కూర్చున్నాడు. పెట్టె వైపు చూస్తే పెద్రింగ్ నోట్లో తను చేసిన కింది సెట్టు సరిగ్గా అమరి ఉందట. ఆ మాట ఆమెకి చెప్పాడు. ఆమె ఇంకాసేపు మామూలుగా మాట్లాడింది.

అయినా ఆ సాయంత్రం నాలుగు గంటలపాటు ఆ మాయోంగ్ ఆగానే తవ్వుకుంటూ కూర్చున్నాడు. గిన్నెలు తోమలేదు. తర్వాత నాలుగు రోజులు ఇయర్‌ఫోన్లు మళ్ళీ చెవుల్లోకి వచ్చాయి. ఐదో రోజు కింది మెట్టునుంచి, నా దగ్గర్నుంచి, మళ్ళీ మొదలుపెట్టాడు. జారితే అట్టడుగుకి పడినట్టు కాదు, రెండు మెట్లు దిగి మళ్ళీ ఎక్కడమే అని హిల్డా చెప్పిందట.

పేట లెక్క మాత్రం వేరు. ఎన్నికల ముందు పలకరించేవాడు ఉండొచ్చు, కాని శవం దగ్గరికి వచ్చి గంటసేపు కూర్చున్నాడంటే ఇక అనుమానమే లేదు.

అప్పటి వార్డు సభ్యుడు తిబుర్సియో హబానా తొమ్మిదేళ్ళుగా గెలుస్తున్నవాడు. భారీ మనిషి, ఉంగరాలు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఒక పొద్దున నా కొట్టులో కూర్చుని పులుసు చెప్పి, సాంతో ఏ వేళకి వస్తాడని అడిగాడు. అడుగుతుండగానే వచ్చాడు. హబానా లేచి నిలబడ్డాడు.

“నీ వెనక ఎవరున్నారు, సాంతో?”

సాంతో వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. “ఎవరూ లేరండీ” అన్నాడు.

“ఒంటరిగానే దిగావా?”

“ఒంటరిగానే ఉంటానండీ, అమ్మ పోయాక.”

హబానా, “గుండె ధైర్యం ఉన్నవాడివి” అని పులుసు తాగకుండానే వెళ్ళిపోయాడు. సాంతో అక్కడే నిలబడి, నిమిషం అయ్యేదాకా గడియారం చూసుకుని, నా వైపు తిరిగి, ఆయన ఏమన్నారక్కా అని అడిగాడు.

నేను అతన్ని కూర్చోబెట్టి, ఎన్నికల్లో నిలబడుతున్నావా లేదా అని సూటిగా అడిగాను. అతని ముఖంలో రక్తం లేకుండా పోయింది. జేబులోంచి నోటు పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. చదివాను. నలభై పేజీలు. నా పేరు ముప్పైసార్లు ఉంది. ‘ఫెలీ అక్క నవ్వితే ఇరవై, నవ్వకపోతే ముప్పై ఐదు’ అని ఒకచోట ఉంది. చదివి, ఉల్లిపాయలు తరిగే వంకతో లోపలికి వెళ్ళొచ్చి, ఆ మాట పుట్టించింది నేనేనని ఒప్పుకున్నాను. ఆదివారం పేట సభ ఉంది కదా, అక్కడ అందరిముందూ నేనే లేచి చెబుతానన్నాను.

అతను పుస్తకం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, “నువ్వు చెబితే అది నీ మెట్టవుతుందక్కా” అన్నాడు.

ఆదివారం సాయంత్రం బాస్కెట్‌బాల్ రేకుల షెడ్డు కింద సభ. నూటయాభై ప్లాస్టిక్ కుర్చీలు. పైన రేకుల మీద వాన, కింద ఒక మైకు. కెప్టెన్, అంటే మా పేట పెద్ద, చెత్తబండి సంగతి, డెంగ్యూ సంగతి చదివాడు. హబానా లేచి తన తొమ్మిదేళ్ళ సేవ గురించి మాట్లాడాడు. ఇంకెవరైనా మాట్లాడతారా అని కెప్టెన్ అడగ్గానే నోనోంగ్ వెనకనుంచి, “వల సంగతి బొమ్మ చెప్పాలి” అని అరిచాడు. నూటయాభై కుర్చీలు గరగరమంటూ వెనక్కి తిరిగాయి.

సాంతో నా పక్కనే ఉన్నాడు. చేతిలో పెన్సిలు, పుస్తకం. ఓరగా చూశాను. ‘భయపడేది: గొంతు రాదు. పడిపోతాను. ఇక ఈ ఊళ్ళో ఉండలేను. అంకె: 100’ అని రాసి, ఆ వందని చెరిపి, నూటపది వేసి లేచాడు.

మైకు దాకా నడవడానికి చాలాసేపు పట్టింది. అతను పట్టుకోగానే అది కీచుమని అరిచింది. ముందు వరసలో పసిబిడ్డ ఏడుపు ఎత్తుకుంది. కాగితం పట్టుకుని చదువుతాడనుకున్నాను. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. 

“మాయోంగ్ హాపోన్” అన్నాడు. సాయంత్రం మాట సరిగ్గానే వచ్చింది. “నేను ఎన్నికల్లో నిలబడట్లేదు.”

గుసగుసలు లేచాయి. అతను ఆగాడు.  ఇక వచ్చేస్తాడనుకున్నాను.

“నాకు మనుషులంటే భయం. మీరంటే. మీరు చెడ్డవాళ్ళని కాదు. ఊరికే భయం. ఆరోగ్య కేంద్రంలో రోజుకి కొంచెం కొంచెం పలకరించడం నేర్చుకోమన్నారు. అదే చేస్తున్నాను. మీరు అడిగినవాటికి తలూపాను, కాదనడం ఇంకా రాలేదు. అది తర్వాతి పాఠం. వల నేను కొనలేను. పళ్ళు వదులైతే మాత్రం తీసుకురండి, బాగుచేస్తాను.”

 తర్వాత ఎవరో ఒకరు నవ్వారు, ఆ వెనక అందరూ నవ్వారు. వలకి ఇక దిక్కెవరని ఒకడు కెప్టెన్‌ని నిలదీశాడు, వెంటనే సభంతా వల మీదికి మళ్ళింది. సాంతో మైకు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. అతన్నెవరూ పట్టించుకోవడం లేదు. అది గమనించడానికి అతనికే కొంచెంసేపు పట్టింది. వచ్చి కూర్చుని రాశాడు: ‘జరిగింది: గొంతు వచ్చింది. పడిపోలేదు. వల గురించి గొడవపడుతున్నారు. అంకె ఇప్పుడు: 55’.

ఆ తర్వాత వారం రోజులు అతనికి నరకం. మా వాళ్ళకి సాయం చేయాలనిపిస్తే మోతాదు తెలియదు. పొద్దున అతను గడప దాటేసరికి ట్రైసికిల్ వాళ్ళు వరసగా నిలబడి, ఒక్కొక్కరే పలకరింపు తీసుకుని, పదికి ఇన్ని మార్కులని చెప్పేవారు. ఇల్యాంగ్ చేపలు అమ్మడం మాని రెండుసార్లు చుట్టూ తిరిగి వచ్చి ఎదురుపడేది. నోనోంగ్ మాత్రం బొమ్మ అనడం మానలేదు, అదొక్కటే కాస్త ఊరటగా ఉందని సాంతో అన్నాడు.

హబానా పది రోజుల తర్వాత వచ్చాడు. జనం పలచబడే వేళ, వెనక బల్ల దగ్గర. సాంతోని పిలిపించమన్నాడు. నన్ను లోపలికి వెళ్ళమనలేదు, అన్నా నేను వెళ్ళేదాన్ని కాదు. గొంతు తగ్గించి, ప్రతి సభకి ముందూ వాంతి చేసుకుంటానని చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా, ప్రతిసారీ. ఇంట్లో భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఆదివారం కూడా షెడ్డు వెనక చేసుకున్నాడట.

“ఎన్నాళ్ళు పడుతుంది?” అని అడిగాడు.

సాంతో అతని ముందుపళ్ళ వైపు చూస్తూ, అది తనకి తెలియదని, గురువారాలు హిల్డా ఉంటుందని, కౌంటర్లో నోటితోనే అడగమని, చీటీ మాత్రం ఇవ్వొద్దని చెప్పాడు. హబానా అక్టోబరులో మళ్ళీ గెలిచాడు. గురువారాల్లో కారు ఆరోగ్య కేంద్రానికి రెండు వీధుల అవతల ఆపుతాడు.

డాక్టర్ జలందోని ఎప్పటినుంచో సాంతోని ముందు గదిలో కూర్చోమంటున్నాడు. కొత్త పళ్ళకి రంగు ఎంచాలంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముఖంతో పోల్చి, మాట్లాడుతూ నవ్వుతూ చూడాలి. మూడేళ్ళుగా ఏదో వంక చెప్పి తప్పించుకున్నవాడు నవంబరులో ఒప్పుకున్నాడు. ఇప్పటికీ కొన్ని రోజులు రోడ్డు దాటేస్తాడు. దాటి, కొంతదూరం పోయి, మళ్ళీ ఇటు దాటి వస్తాడు.

మొదటి వారం అయ్యాక శనివారం పొద్దున నా కొట్టుకి వచ్చి, తల పట్టుకుని కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

“ఒక పెద్దాయన పంటి రంగుకి వచ్చాడక్కా. నలభై నిమిషాలు కొడుకు గురించి చెప్పాడు. తర్వాత ఇంకొకామె మోకాళ్ళ గురించి. పలకరించడం నేర్పారు గాని, పలకరించాక వాళ్ళని ఆపడం ఎవరూ నేర్పలేదు.”

నాకు నవ్వొచ్చింది. హిల్డాని అడిగాడట. ఆమె కొత్త పేజీ తిప్పించి, పైన ‘మధ్యలో లేచి వెళ్ళడం’ అని రాయించింది. అందులో మొదటి మెట్టు ఏమిటని అడిగాను. చెప్పలేదు.

మోకాళ్ళంటే గుర్తొచ్చి, నా ఎడమ మోకాలి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. వాన పడేముందు ఎలా లాగుతుందో, తైలం రాసే ముసలామె ఏమందో, ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే ఎక్కడ పెట్టానో. అతను బుద్ధిగా వింటున్నాడు. ఎక్స్‌రే వెతకడానికి నేను లేవబోతుంటే అతనే లేచాడు. ముఖం ఎర్రబడింది, చెవులు కూడా.

“నేను వెళ్తానక్కా” అన్నాడు.

నేను చెప్పడం ఇంకా సగం కూడా కాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో నా మాట మధ్యలో అలా లేచినవాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే కాస్త నొచ్చుకున్నాను. అతను వానలోకి నడిచి, ఎదురు ఇంటి చూరు కింద ఆగి, పుస్తకం తీసి ఏదో అంకె వేసుకున్నాడు.